ఆలూ సమోసా: గుల్లగా వేగే పైపొర, తడి లేని కూర – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెప్పేది ఏ సమోసా గురించి?

మిఠాయి కొట్లలో దొరికే, కింద వెడల్పుగా ఉండి నిలబడే, లోపల ఆలూ కూర ఉన్న మందపాటి సమోసా. హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో చాయ్‌తో ఇచ్చే పల్చటి ఉల్లిపాయ సమోసా వేరు. దానికి పట్టీలు చేసి, పెనం మీద కొద్దిగా కాల్చి, త్రికోణంగా చుడతారు. ఆ పిండి లెక్క, ఆ వేడి లెక్క దీనికి పనికిరావు. ఇంట్లో ఆలూ సమోసా చెడిపోవడానికి తరచూ ఇదే కారణం. పట్టీ సమోసాకి సరిపోయేలా పిండిని మెత్తగా కలిపి, బాగా కాగిన నూనెలో వేసేస్తారు.

12 సమోసాలకి కొలతలు ఎంత?

పైపొరకి: మైదా 250 గ్రాములు, నెయ్యి 60 గ్రాములు, వాము అర చెంచా, ఉప్పు ముప్పావు చెంచా, నీళ్లు 85 నుంచి 100 మి.లీ.

కూరకి: బంగాళదుంపలు అర కిలో, పచ్చి బఠాణీలు గుప్పెడు, పచ్చిమిర్చి మూడు, అంగుళం అల్లం ముక్క, ధనియాలు రెండు చెంచాలు, జీలకర్ర ఒక చెంచా, సోంపు ఒక చెంచా, ఆమ్‌చూర్ ఒకటిన్నర చెంచా, కారం అర చెంచా, గరం మసాలా అర చెంచా, చిటికెడు ఇంగువ, ఉప్పు ఒక చెంచా, నూనె రెండు పెద్ద చెంచాలు, కొద్దిగా కొత్తిమీర.

చెంచా అంటే 5 మి.లీ. టీ చెంచా. మైదా, నెయ్యి మాత్రం తూచి తీసుకోవడమే మంచిది. గ్లాసుతో కొలిస్తే, ఒత్తి నింపిన మైదాకీ వదులుగా పోసిన మైదాకీ తేడా చాలా వస్తుంది. అప్పుడు నెయ్యి పాళ్లు తప్పుతాయి, ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా వేయించినా లాభం ఉండదు.

పావు కిలో మైదాకి 60 గ్రాముల నెయ్యా? సగానికి తగ్గించకూడదా?

తగ్గిస్తే పూరీకి దగ్గరగా ఏదో వస్తుంది, సమోసా రాదు. మైదాలో నీళ్లు పడగానే అందులోని మాంసకృత్తులు సాగే తీగల్లా అల్లుకుంటాయి. పరోటాని లాగితే సాగడం అందుకే. సమోసా పైపొరకి ఆ సాగుడు పనికిరాదు, కొరికితే పెళుసుగా విరగాలి. నీళ్లకంటే ముందే నెయ్యి పట్టిస్తే పిండి రేణువుల చుట్టూ పూతలా నిలుస్తుంది. ఆ తర్వాత నీళ్లు పోసినా తీగలు పొడవుగా అల్లుకోలేవు, తుంపులు తుంపులుగానే ఉండిపోతాయి. కజ్జికాయల పిండికి నెయ్యి, జంతికల పిండికి కాగిన నూనె పోయడం కూడా ఈ గుల్లదనం కోసమే. వంటవాళ్లు దీన్ని మోయన్ అంటారు.

మోయన్ పట్టించడం మాత్రం చేతులతోనే చేయాలి, తొందరపడకూడదు. మైదాలో ఉప్పు, వాము కలిపి నెయ్యి వేసి, రెండు అరచేతుల మధ్య కొద్దికొద్దిగా తీసుకుని రుద్దుతూ జారవిడవాలి. నాలుగైదు నిమిషాలు పడుతుంది. మొదట్లో నెయ్యి ఉండలు ఒకచోట, పొడి మైదా ఇంకోచోట కనిపిస్తాయి. పోను పోను మొత్తం పిండి లేత పసుపు తిరిగి, తడి ఇసుకలా అవుతుంది. అప్పుడు గుప్పెడు తీసుకుని గట్టిగా పిడికిలి బిగించి తెరవండి. ముద్ద నిలబడాలి, వేళ్ల అచ్చులు దాని మీద కనబడాలి, బొటనవేలితో నొక్కితే రెండుగా విరగాలి. తెరవగానే రాలిపోతే ఇంకో చెంచా నెయ్యి పట్టించండి. ముద్ద విరగకుండా జిడ్డుగా అణిగిపోతే నెయ్యి ఎక్కువైనట్టు, రెండు చెంచాల మైదా చల్లి మళ్లీ రుద్దండి. ఎక్కువైన నెయ్యిని పట్టించుకోకుండా వదిలేస్తే సమోసా నూనెలో చిట్లి పొడిపొడిగా రాలుతుంది. అది కూడా దోషమే.

నెయ్యి, నూనె, డాల్డా – ఏది మంచిది?

పొరలు విడివిడిగా రావాలంటే గట్టిపడే కొవ్వు కావాలి, అంటే నెయ్యి గానీ డాల్డా గానీ. అవి పిండిలో చిన్న చిన్న తునకలుగా ఉండిపోతాయి. వేగేటప్పుడు ఆ తునకలు కరిగిన చోటల్లా సన్నటి ఖాళీ మిగులుతుంది, అదే పొర. నూనె పిండికంతా సమంగా పట్టేస్తుంది కాబట్టి పైపొర గుల్లగానే ఉంటుంది, పొరలు మాత్రం అంతగా కనిపించవు. నూనెతో చేస్తే 50 గ్రాములు సరిపోతుంది.

మన ఎండల్లో నెయ్యి ఎప్పుడూ కరిగే ఉంటుంది. పదీ పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి పూస కట్టాక వాడండి. మరీ రాయిలా గట్టిపడితే రుద్దడం కష్టం. డాల్డా రుచి చల్లారాక నాలుకకి మైనంలా అంటుకుంటుంది, కాబట్టి ఇంట్లోకి నెయ్యే నయం. ఖర్చు ఎక్కువ అనిపిస్తే సగం నెయ్యి, సగం నూనె.

పిండి ఎంత గట్టిగా ఉండాలి?

చపాతీ పిండికంటే బాగా గట్టిగా ఉండాలి. నీళ్లు ఒక్కసారే పోయకుండా, ముందు 70 మి.లీ. పోసి వేళ్లతో దగ్గరకి తీసుకోండి. తర్వాత చెంచా చొప్పున చల్లుతూ పొడి పిండి మిగలకుండా చేస్తే చాలు. దాన్ని మర్దించకూడదు. పైన నున్నగా లేకపోయినా, అక్కడక్కడ పగుళ్లు కనిపించినా కంగారు పడనక్కర్లేదు. చపాతీ పిండిలా మెరిసేదాకా పిసికితే, ఇంతసేపూ నెయ్యి పట్టించి ఆపిన తీగల్ని మనమే మళ్లీ అల్లినట్టు.

తర్వాత తడిపి గట్టిగా పిండిన గుడ్డ కప్పి 30 నిమిషాలు ఉంచండి. ఈలోగా నీరు పిండికంతా సర్దుకుంటుంది, పగుళ్లు వాటంతట అవే తగ్గుతాయి. గుడ్డలోంచి నీళ్లు కారుతుంటే పైన జిగురు పొర కడుతుంది, ఆ పొర ఉన్నచోటే తర్వాత బుడగలు లేస్తాయి. ఎండాకాలంలో గంటకి మించి బయట ఉంచితే నెయ్యి కరిగి పిండి మెత్తబడుతుంది, ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

రవ్వ, గోధుమపిండి, వంటసోడా కలపొచ్చా?

వంటసోడా వద్దు. పైపొర ఉబ్బుతుంది, నూనె పీలుస్తుంది. రెండు చెంచాల సన్న బొంబాయి రవ్వ వేస్తే కరకర కాస్త పెరుగుతుంది, నీళ్లు ఇంకో రెండు చెంచాలు పడతాయి. పాళ్లు సరిగ్గా ఉంటే దాని అవసరం లేదు. గోధుమపిండి సగం దాకా కలపొచ్చు, కానీ రంగు ముదురుతుంది, గుల్లదనం తగ్గుతుంది.

కూరలోకి తడి ఎక్కడి నుంచి వస్తుంది?

చాలావరకు ఉడకబెట్టేటప్పుడే. తొక్క తీసి ముక్కలు కోసి నీళ్లలో ఉడికిస్తే ప్రతి ముక్కా అన్ని వైపుల నుంచీ నీళ్లు తాగుతుంది. ఆ నీటిని తర్వాత బాణలిలో ఇగర్చాలంటే దుంప మెత్తటి ముద్దయ్యేదాకా కలపాల్సి వస్తుంది. అందుకే తొక్కతో, కోయకుండా, పగుళ్లు లేని దుంపల్ని ఉడికించాలి. 100 గ్రాముల చొప్పున ఒకే సైజువి ఐదు తీసుకుంటే అన్నీ ఒకేసారి ఉడుకుతాయి. కుక్కర్ అడుగున గ్లాసుడు నీళ్లు పోసి, దుంపల్ని గిన్నెలో పెట్టి, ఆ గిన్నెలో నీళ్లు పోయకుండా ఆవిరి మీద ఉడికించడం ఇంకా మంచిది. మూడు నాలుగు విజిళ్లు చాలు. చాకు గుచ్చితే తేలిగ్గా దిగాలి, దుంప మాత్రం చీలకూడదు. తొక్క పగిలి పిండి బయటికి వచ్చిందంటే ఎక్కువ ఉడికినట్టే.

రెండోది దుంప రకం. చలికాలం చివర బజారుకి వచ్చే కొత్త దుంపల్లో నీరు ఎక్కువ, పిండి తక్కువ. బొటనవేలితో రుద్దితే తొక్క ఊడి వస్తే అది కొత్త దుంప. కూరకి, వేపుడుకి బాగుంటుంది గానీ సమోసాలో జిగురుగా తయారవుతుంది. తొక్క కాస్త మందంగా, గరుకుగా ఉన్న పాత దుంప తీసుకోండి. ఆగ్రా వైపు నుంచి శీతల గిడ్డంగుల్లో నిలవ ఉండి వచ్చిన దుంపలు ఒక్కోసారి తియ్యగా ఉంటాయి. చలికి దుంపలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారడమే కారణం. అలాంటప్పుడు ఆమ్‌చూర్, మిర్చి కాస్త పెంచితే సర్దుకుంటుంది.

మూడోది, చాలామంది వదిలేసేది, ఆవిరి. ఉడికిన దుంపల్ని కుక్కర్లోనే మూతపెట్టి ఉంచితే ఆవిరి మళ్లీ దుంపల మీదే నీరై దిగుతుంది. దింపిన వెంటనే తొక్క తీసి, రెండుగా విరిచి, వెడల్పాటి పళ్లెంలో పరిచి ఫ్యాను కింద పెట్టండి. పైకి ఆవిరి లేవడం కళ్లకి కనిపిస్తుంది. ఆ పోయేదంతా కూరలోకి చేరాల్సిన తడే. 20 నిమిషాల తర్వాత ముట్టుకుంటే విరిగిన వైపు పొడిగా, కాస్త గరుకుగా ఉంటుంది. ముందురోజు రాత్రే ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఇంకా గట్టిపడి, విరిచినప్పుడు ముక్కలు విడివిడిగా వస్తాయి.

దుంపని మెదపాలా, ముక్కలుగా ఉంచాలా?

చేత్తో చిదమాలి. కొన్ని శనగగింజంత, కొన్ని అంతకి రెట్టింపు, ఎగుడుదిగుడుగా ఉంటేనే బాగుంటుంది. పప్పుగుత్తి వాడొద్దు, మిక్సీ అసలే వద్దు. నున్నగా మెదిపితే లోపలి పిండిపదార్థం బయటికి వచ్చి బంకలా సాగుతుంది, బజ్జీల కూర అవుతుంది.

మసాలా ఏ వరసలో వేయాలి?

ధనియాలు, జీలకర్ర, సోంపు పొడి మూకుడులో వాసన వచ్చేదాకా వేయించి, రోట్లో బరకగా దంచుకోండి. ధనియం రెండుగా, మూడుగా చితికితే చాలు. సమోసా కొరికినప్పుడు పంటికి తగిలి ఘుమాయించేది ఆ బరక ధనియమే. మెత్తటి ధనియాల పొడితో ఆ రుచి రాదు.

బాణలిలో నూనె వేసి ఇంగువ, సన్నగా తరిగిన అల్లం, పచ్చిమిర్చి అర నిమిషం వేయించాలి. ముందే ఉడికించి నీళ్లు వార్చి, గుడ్డ మీద ఆరబెట్టిన బఠాణీలు వేసి, వాటి తడి ఆరేదాకా రెండు నిమిషాలు తిప్పాలి. తర్వాత మంట తగ్గించి దంచిన పొడి, కారం వేసి పది క్షణాల్లో దుంపలు వేసేయాలి, లేకపోతే కారం మాడుతుంది. ఉప్పు, ఆమ్‌చూర్, గరం మసాలా చల్లి, అట్లకాడతో కింద నుంచి పైకి తిరగేస్తూ నాలుగైదు నిమిషాలు మధ్య మంట మీద ఉంచాలి. అడుగున అక్కడక్కడ ఎర్రగా అంటుకుంటే మంచిదే, గీకి కలిపేయండి. తడి పోయిందనడానికి గుర్తు కూడా అదే. కొత్తిమీర దింపేముందు వేయండి, అదీ కడిగి పూర్తిగా ఆరినదే.

సమోసాలోకి పెట్టే ముందు కూర పూర్తిగా చల్లారాలి. గోరువెచ్చగా ఉన్నా లోపల ఆవిరి పట్టి పైపొర అడుగుభాగం తడుస్తుంది, పిండిలోని నెయ్యి కరుగుతుంది.

నిమ్మరసం, ఉల్లిపాయ వేస్తే?

నిమ్మరసం అంటేనే నీళ్లు, దాని బదులు ఆమ్‌చూర్ వాడండి. ఆమ్‌చూర్ లేకపోతే దానిమ్మ గింజల పొడి.

ఉల్లిపాయ ఉప్పు తగలగానే నీరు వదులుతుంది. వేయాలనే ఉంటే ముందు విడిగా వేయించి, నీరంతా ఇగిరిపోయి రంగు మారాక కలపండి. ఇరానీ సమోసాలో ఉల్లిపాయని పచ్చిగానే పెడతారు కదా అనొచ్చు. అక్కడ ఉల్లిపాయ తడిని పీల్చడానికి అటుకులు కలుపుతారు. పైగా ఆ పట్టీ పల్చన, లోపల పట్టే కూర కొంచెమే, తడి త్వరగా పోతుంది. ఆలూ సమోసా అంత తడిని మోయలేదు.

కూర తడిగా వచ్చేసింది. ఇప్పుడేం చేయాలి?

ముందు ఎంత తడో చూడండి. నిమ్మకాయంత కూర తీసుకుని ఉండ చుట్టండి. ఉండ నిలబడి, అరచెయ్యి దాదాపు పొడిగా ఉంటే సరిపోయినట్టే. అరచేతికి జిగురుగా అంటుకుంటే వెడల్పాటి బాణలిలో పల్చగా పరిచి, కలపకుండా రెండు నిమిషాలు వదిలేసి, తిరగేసి మరో రెండు నిమిషాలు ఉంచండి. కలుపుతూ ఉంటే ముద్దవుతుంది గానీ ఆరదు. అప్పటికీ తడి ఉంటే అటుకులు వేయించి పొడి కొట్టి రెండు చెంచాలు కలిపి పది నిమిషాలు ఉంచండి. వేయించిన శనగపిండి కూడా పనిచేస్తుంది గానీ రుచి మారిపోతుంది. బ్రెడ్ పొడితో కూర పిండిపిండిగా తగులుతుంది, మేం వాడమని చెప్పం.

ఒత్తడం, మడవడం ఎలా? కింద కూర్చునే ఆకారం రావట్లేదు.

పిండిని ఆరు ఉండలు చేయండి, ఒక్కోటి 65 గ్రాములకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పొడి పిండి చల్లకుండా, పీటకి చుక్క నూనె రాసి ఒత్తండి. పొడి పిండి అతుకుల్ని అతుక్కోనివ్వదు, నూనెలో రాలి మాడుతుంది కూడా. 20 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు ఉన్న కోడిగుడ్డు ఆకారంలో ఒత్తితే మందం రెండు మిల్లీమీటర్ల పైన ఉంటుంది. అంతకంటే పల్చగా చేస్తే కూర బరువుకి చిరుగుతుంది, పొరలూ రావు. మధ్యలో అడ్డంగా కోస్తే రెండు ముక్కలు.

ఒక ముక్కని అరచేతిలో పెట్టుకోండి, కోసిన తిన్నటి అంచు పైకి ఉండాలి. ఆ తిన్నటి అంచులో ఒక సగానికి తడివేలితో నీళ్లు రాసి, రెండో సగాన్ని దాని మీదికి అర అంగుళం ఎక్కేలా తెచ్చి నొక్కితే పొట్లం తయారవుతుంది. లోపలికి వేలు పెట్టి అతుకుని లోపల నుంచి కూడా నొక్కండి. కొసన సూది మొనంత రంధ్రం ఉన్నా నూనె లోపలికి వెళ్తుంది, అందుకే కొసని చిటికెతో ఒకసారి మెలిపెట్టండి. ఇప్పుడు 45 గ్రాముల కూర పెట్టి వేలితో లోపలికి అదమండి, పైన అర అంగుళం ఖాళీ ఉంచండి. అతుక్కి ఎదురుగా ఉన్న వైపు అంచు మధ్యలో చిన్న కుచ్చు పెట్టాలి. కింద కూర్చునే ఆకారం వచ్చేది ఈ కుచ్చు వల్లే. తర్వాత రెండు అంచుల మధ్య నీళ్లు రాసి, కుచ్చునీ అతుకునీ ఒకదానికొకటి కలిపి, అక్కడి నుంచి రెండు పక్కలకీ నొక్కుకుంటూ వెళ్లండి. పీట మీద నిలబెడితే నిలబడాలి.

నీళ్లు చుక్కే రాయాలి. ఎక్కువైతే అంచులు జారిపోతాయి తప్ప అతుక్కోవు. అన్నీ చుట్టాక 20 నిమిషాలు ఫ్యాను గాలికి వదిలేస్తే పైన కాస్త ఆరి, వేగేటప్పుడు బుడగలు తగ్గుతాయి.

నూనె ఎంత వేడిగా ఉండాలి?

అనుకున్నదానికంటే చాలా తక్కువ. థర్మామీటర్ ఉంటే 120 నుంచి 130 డిగ్రీల సెల్సియస్. లేకపోతే బఠాణీ గింజంత పిండి వేసి చూడండి. అది అడుగుకి వెళ్లి, చుట్టూ సన్నటి బుడగలు పట్టి, ఎనిమిది పది లెక్కపెట్టేసరికి మెల్లగా పైకి రావాలి. వేయగానే పైకి వస్తే అది పూరీల వేడి, స్టవ్ ఆపి ఆగండి.

రెండు మిల్లీమీటర్ల పైపొర లోపలి దాకా ఆరాలంటే సమయం పడుతుంది. నూనె బాగా కాగి ఉంటే పైన మూడు నిమిషాల్లో ఎర్రబడుతుంది, కానీ లోపల పిండి పచ్చిగానే ఉంటుంది. సన్న సెగ మీద నీరు కొద్దికొద్దిగా బయటికి పోతుంది, ఆ ఖాళీల్లోనే గుల్లదనం ఏర్పడుతుంది. ముప్పావు లీటరు నూనెలో ఒకసారికి నాలుగు వేయండి. మొదటి మూడు నిమిషాలు గరిటె పెట్టొద్దు, పైపొర ఇంకా మెత్తగా ఉంటుంది. తర్వాత అప్పుడప్పుడు తిప్పుతూ 12 నుంచి 14 నిమిషాలు అదే సెగ. మొదట్లో నూనె జోరుగా బుసబుసలాడుతుంది, పోను పోను ఆ చప్పుడు తగ్గి బుడగలు పల్చబడతాయి. అంటే పైపొరలో నీరు అయిపోవచ్చింది. సమోసా గట్టిబడి లేత గోధుమరంగులో ఉంటుంది. అప్పుడు మంట పెంచి, 160, 170 డిగ్రీల దగ్గర రెండు మూడు నిమిషాల్లో ఎర్రగా రానిచ్చి తీసేయండి. ఈ చివరి వేడి రంగుకోసమే కాదు, పైన పట్టిన నూనె కూడా కొంత జారిపోతుంది.

రెండో వాయి దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. మొదటి వాయి అయ్యేసరికి నూనె 165 డిగ్రీల దగ్గర ఉంటుంది, వెంటనే తర్వాతవి వేస్తే అవి బుడగలు తేలి పచ్చిగా దిగుతాయి. స్టవ్ ఆపి ఆరేడు నిమిషాలు ఆగాలి. తొందరగా ఉంటే పక్కన ఉంచుకున్న చల్లటి నూనె ఓ టీ గ్లాసుడు పోసి, మళ్లీ పిండి ముక్క వేసి చూసుకోండి.

పైన అన్నీ బుడగలు. ఎందుకు?

నూనె వేడి ఎక్కువై ఉంటుంది, లేదా పిండి మెత్తగా ఉండి ఉంటుంది. పిండిలోని నీరు ఒక్కసారిగా ఆవిరై బయటికి పోయే దారిలేక పైపొరని ఎత్తేస్తుంది. మొదటి వాయి నున్నగా వచ్చి రెండోదానికి బుడగలు వస్తే తప్పు నూనెది. మొదటి వాయి నుంచే వస్తుంటే పిండిది.

నూనెలో విచ్చుకుంటున్నాయి, లేదా నూనె పీల్చుకుంటున్నాయి.

విచ్చుకునే చోటుని బట్టి చెప్పొచ్చు. పై అంచు దగ్గర విడిపోతే కూర ఎక్కువ పెట్టారు, లేదా అంచుకి కూర నూనె అంటుకుంది. పక్క అతుకు దగ్గర విడిపోతే మీద ఎక్కించింది చాలలేదు. ఎక్కడపడితే అక్కడ చిట్లితే మోయన్ ఎక్కువైంది.

నూనె పీల్చుకోవడం సాధారణంగా మొదటి వేడి మరీ తక్కువ కావడం వల్ల, అంటే పిండి ముక్క అడుగునే ఉండిపోయే వేడి. ఒకేసారి ఎక్కువ వేసినా అంతే. చివర్లో మంట పెంచకుండా తీసేసినా జిడ్డు పైనే ఉండిపోతుంది.

వేడిగా ఉన్నప్పుడు కరకరలాడుతున్నాయి, అరగంటకి మెత్తబడుతున్నాయి.

ఒకదాన్ని నిలువుగా కోసి చూడండి. సమస్య అక్కడే రాసిపెట్టినట్టు ఉంటుంది. పైపొర కోతలో బయట ఎరుపు, లోపల తెల్లటి పచ్చి గీత కనిపిస్తే వేగలేదు. ఆ గీతలోని నీరే అరగంటలో బయటికి పాకి కరకరని మింగేసింది. ఆ గీత పైపొరంతా సమంగా ఉంటే సెగ ఎక్కువ, సమయం తక్కువ. కూర ఆనుకున్న చోట మాత్రమే ఉండి, ఖాళీ ఉన్న పైభాగంలో లేకపోతే తప్పు కూరది, తడిగానో వెచ్చగానో పెట్టారు. అసలు గీతే లేకుండా పైపొర బాగా వేగి ఉంటే తీశాక చేసిన పొరపాటు. వేడివేడిగా హాట్‌బాక్స్‌లోనో, స్టీలు డబ్బాలోనో మూతపెట్టి ఉంటారు. ఒకదాని మీద ఒకటి పేర్చినా అంతే. చిల్లుల గిన్నెలోనో జాలీ మీదో విడివిడిగా నిలబెట్టండి. సరిగ్గా వేగినది మూడు నాలుగు గంటలు కరకరలాడుతుంది, వానాకాలంలో కాస్త తక్కువ.

ముందే చేసి పెట్టుకోవచ్చా?

చుట్టినవి పచ్చిగా ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వేయించడం మంచిది కాదు, కూర తడి పైపొరకి ఎక్కుతుంది. దానికంటే సన్న సెగ మీద పది నిమిషాలు సగం వేయించి, చల్లార్చి, విందుకి ముందు 160 డిగ్రీల నూనెలో నాలుగైదు నిమిషాలు వేయించండి. అలా సగం వేయించినవి ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంటాయి. ఫ్రీజర్ అయితే పచ్చివి పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించి, తర్వాత సంచిలో వేయండి. కరగనివ్వకుండా నేరుగా 120 డిగ్రీల నూనెలో వేసి, మామూలుకంటే నాలుగైదు నిమిషాలు ఎక్కువ ఉంచాలి.

ఎయిర్ ఫ్రయర్‌లో వస్తాయా?

వస్తాయి, అయితే అది బేకరీ పఫ్‌కి దగ్గరగా ఉండే వేరే తినుబండారం. అన్ని వైపులా నూనె రాసి, 170 డిగ్రీల దగ్గర 18 నుంచి 20 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. వేయించి చల్లారిన సమోసాల్ని మళ్లీ కరకరలాడించడానికి మాత్రం దానంత మంచిది లేదు. 160 డిగ్రీల మీద ఐదు నిమిషాలు చాలు. మైక్రోవేవ్‌లో పెడితే పైపొర తోలులా సాగుతుంది.

అమెరికా, ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు ఏ మైదా, ఏ దుంప తీసుకోవాలి?

ఆల్ పర్పస్ ఫ్లోర్ గానీ ప్లెయిన్ ఫ్లోర్ గానీ సరిపోతుంది. బ్రెడ్ ఫ్లోర్‌లో మాంసకృత్తులు ఎక్కువ, పైపొర సాగుతుంది. సెల్ఫ్ రైజింగ్ అని రాసి ఉన్నది తీసుకోవద్దు, అందులో ముందే బేకింగ్ పౌడర్ కలిపి ఉంటుంది. దుంపల్లో అమెరికాలో రస్సెట్, ఇంగ్లండ్‌లో మారిస్ పైపర్ పిండిగా ఉడుకుతాయి. ఎర్రతొక్క చిన్న దుంపలు ముక్క చెదరవు గానీ కూర జిగురుగా, తడిగా ఉంటుంది. రస్సెట్ ఒక్కోటి పెద్దది కాబట్టి బయట ముద్దయ్యాక గానీ లోపల ఉడకదు. ఉన్నవాటిలో చిన్నవి ఏరి, విజిళ్లు లెక్కపెట్టకుండా చాకుతో గుచ్చి చూసుకుంటూ ఉడికించండి.